ఇంటర్వ్యూలో మొదటి మూడు నిమిషాలు: పలకరింపు, బెరుకు, తొలి సందేహాలపై ఒక సమీక్ష

ఉద్యోగ ఇంటర్వ్యూలో అసలు ప్రశ్నలు మొదలయ్యే లోపు మూడు పనులు జరుగుతాయి: వచ్చిన అభ్యర్థిని పలకరించడం, అభ్యర్థి బెరుకును తగ్గించడం, సందేహాలుంటే అడగమనడం. ఎంపిక విధానాలపై వెలువడే కరదీపికలు ఈ మూడింటినీ మర్యాద అనే ఒకే పద్దు కింద రాసి ముందుకు సాగిపోతాయి. అయితే ఈ విషయంపై గత అరవై డెబ్బై ఏళ్లుగా జరిగిన పరిశోధనలను ఒకచోట పెట్టి చూస్తే, ఈ మూడు పనులూ మార్కుల మీద మూడు వేర్వేరు దారుల్లో పనిచేస్తాయని, వాటిలో ఒకటి మేలు చేస్తున్నట్టు కనిపిస్తూనే ఎంపికను పక్కదారి పట్టించగలదని తెలుస్తుంది. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల్లో జరిగినవి గనుక, వాటి ఫలితాలను తెలుగు నేల మీది ఒక నిజమైన ఎంపికకు అన్వయించి చూడవలసి ఉంటుంది. అందుకు ఇక్కడ అంగన్‌వాడీ కార్యకర్తల ఎంపికను తీసుకోవడమైనది.

ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్త పోస్టు ఖాళీ అయినప్పుడు పదో తరగతి ఉత్తీర్ణురాలై, వివాహిత అయి, ఆ ఊరిలోనే నివసించే స్త్రీల నుంచి దరఖాస్తులు తీసుకుంటారు. మొత్తం వంద మార్కుల్లో పదో తరగతి మార్కులకు 50, మౌఖిక ఇంటర్వ్యూకు 20 కేటాయించి, మిగిలినవి పూర్వ ప్రాథమిక బోధనలో శిక్షణ, వితంతువు కావడం, అనాథ కావడం, అంగవైకల్యం వంటి అంశాలకు ఇస్తారు. ఇంటర్వ్యూ రెవెన్యూ డివిజనల్ అధికారి, అంటే ఆర్డీవో అధ్యక్షతన జరుగుతుంది. కంచికచర్ల మండలంలోని చెవిటికల్లు నుంచి దరఖాస్తు పెట్టిన స్త్రీ, 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడిన తరువాత, కంచికచర్ల వచ్చి జాతీయ రహదారి మీదుగా నందిగామలో ఉన్న డివిజన్ కార్యాలయానికి చేరుకోవాలి. అలా వచ్చే స్త్రీలలో చాలా మందికి అధికారుల బల్ల ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

ఇరవై మార్కులు తక్కువగా కనిపిస్తాయి గాని, అభ్యర్థులలో ఎక్కువ మందికి శిక్షణ, వైకల్యం వంటి అంశాల కింద ఏమీ రానప్పుడు పోటీ అంతా పదో తరగతి మార్కులకూ ఇంటర్వ్యూకూ మధ్యనే మిగులుతుంది. ఊహించిన ఒక ఉదాహరణ చూస్తే, 600కు 456 తెచ్చుకున్న అభ్యర్థికి 50లో 38, 420 తెచ్చుకున్న అభ్యర్థికి 35 వస్తాయి. మొదటి ఆమెకు ఇంటర్వ్యూలో 12, రెండో ఆమెకు 16 వేస్తే మొత్తం 50కి 51 అయి ఫలితం తారుమారవుతుంది. ఇరవైలో నాలుగు మార్కుల తేడా రావడానికి తొలి మూడు నిమిషాల్లో గొంతు పెగలకపోవడం చాలు, కాబట్టి ఆ నిమిషాలు ఎలా గడుస్తాయన్నది కేవలం మర్యాదకు సంబంధించిన ప్రశ్న కాదు.

తొలి ముద్ర గురించిన చర్చ 1950లలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇ.సి. వెబ్‌స్టర్ నాయకత్వంలోని బృందంలో బి.ఎం. స్ప్రింగ్‌బెట్ 1958లో ప్రచురించిన అధ్యయనం, ఇంటర్వ్యూ చేసేవారు చాలా త్వరగా, సగటున నాలుగు నిమిషాల ప్రాంతంలోనే, ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నారని సూచించింది. ఆ నాలుగు నిమిషాల లెక్క శిక్షణ తరగతుల్లో నేటికీ వినిపిస్తూనే ఉన్నది, కాని దాన్ని అంత ఖరాఖండిగా చెప్పడానికి ఆధారం చాలదు. 2016లో ఫ్రీడర్, వాన్ ఇడెకింగ్, రేమార్క్ అనేక ఇంటర్వ్యూలను పరిశీలించి, కొన్ని నిర్ణయాలు తొలి నిమిషాల్లోనే జరుగుతున్నా ఎక్కువ నిర్ణయాలు మొదటి ఐదు నిమిషాలు దాటిన తరువాతనే వస్తున్నాయని చూపారు. నిర్ణయం అప్పుడే ముగిసిపోతుందన్నది అతిశయోక్తి అయినా, నిర్ణయం ఒక వైపు మొగ్గడం అప్పుడే మొదలవుతుందన్న మాట మాత్రం నిలబడింది. ముర్రే బారిక్, బ్రయన్ స్వైడర్, గ్రెగ్ స్టీవర్ట్ 2010లో ప్రకటించిన పరిశోధనలో, పలకరింపు మాటలు అయిన వెంటనే, ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న ఒక్కటీ అడగకముందే, ఇంటర్వ్యూ చేసేవారితో ఒక అంచనా రాయించారు. ఆ అంచనాకూ చివర వేసిన మార్కులకూ గట్టి సంబంధం కనబడింది.

ఈ బృందంలోని స్వైడర్, బారిక్ 2016లో మరొకరితో కలిసి ఇంకో అడుగు వేసి, ఆ తొలి అంచనా ఇంటర్వ్యూ పొడవునా ఒకే బలంతో ఉండదని, ముందు అడిగిన ప్రశ్నల మార్కులను ఎక్కువగాను, తరువాతి ప్రశ్నల మార్కులను తక్కువగాను ప్రభావితం చేస్తుందని గమనించారు. ఆచరణలో పనికొచ్చే సంగతి ఇందులోనే ఉన్నది. పలకరింపు వల్ల పడిన ముద్ర మొదటి ప్రశ్న మీద ఎక్కువగా అంటుకుంటుంది గనుక, అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్నను మొదట అడగకూడదు. మొదటి ప్రశ్న ఉద్యోగానికి సంబంధించినదే అయి, తక్కువ మార్కులది అయితే, ముద్ర వల్ల జరిగే నష్టం అక్కడే చాలావరకు ఆగిపోతుంది. ఇది ఆ పరిశోధకులు రాసిన నియమం కాదు, వారి ఫలితం నుంచి తీయగల అనుమితి మాత్రమే.

ముద్ర ఎలా పనిచేస్తుందన్నది డౌర్టీ, టర్బన్, కాలెండర్ 1994లో ఒక సంస్థలో జరిగిన నిజమైన ఇంటర్వ్యూల టేపులు విని వివరించారు. అభ్యర్థి మీద ముందే మంచి అభిప్రాయం ఉన్నప్పుడు ఇంటర్వ్యూ చేసేవారి గొంతు మెత్తబడింది, ఉద్యోగం గురించిన వివరాలు ఎక్కువగా చెప్పారు, అభ్యర్థి నుంచి రాబట్టిన సమాచారం మాత్రం తగ్గింది. మెత్తగా పలకరించబడిన అభ్యర్థి మెత్తగానే జవాబు చెబుతుంది, దాన్ని చూసి అడిగినవారు తమ అంచనా సరైనదేనని అనుకుంటారు. ఆదరణ చూపడంలో తప్పు లేదు. తప్పంతా అది కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా అందడంలోనే ఉన్నది.

ఇక బెరుకు. దాన్ని కాళ్లు వణకడం, చెమట పట్టడం అనుకోవడం పరిపాటి. జూలీ మెకార్తీ, రిచర్డ్ గాఫిన్ 2004లో ఇంటర్వ్యూ బెరుకును ఐదు భాగాలుగా విడదీశారు: మాట సరిగా రాదేమోనన్న భయం, తాము ఎలా కనిపిస్తున్నామన్న భయం, నలుగురిలో మెలగడంలో భయం, సరిగా చేయలేమేమోనన్న భయం, ఒంట్లో బయటికి కనిపించే వణుకు వంటి లక్షణాలు. చివరిది ఒక్కటే అవతలివారి కంట పడేది. ఫైలర్, పావెల్ 2016లో నమూనా ఇంటర్వ్యూలను చూసి, చేతులు నలపడం వంటి చేష్టల కంటె, బెరుకు గల అభ్యర్థులు తక్కువ వేగంతో మాట్లాడటం, దానివల్ల ధీమా లేనివారిగా, ఆత్మీయత తక్కువవారిగా కనిపించడం మార్కులను ఎక్కువగా తగ్గిస్తున్నదని తేల్చారు. అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన 2018 నాటి పావెల్, స్టాన్లీ, బ్రౌన్ సమీక్షలో బెరుకుకూ ఇంటర్వ్యూ ప్రదర్శనకూ మధ్య సహసంబంధం, అంటే రెండు రాశులు కలిసి మారే కొలత, మైనస్ 0.19గా వచ్చింది. మార్కుల్లోని హెచ్చుతగ్గుల్లో వందకు నాలుగు వంతుల లోపే దీనితో కలిసి నడుస్తున్నదని దాని అర్థం. బెరుకును పూర్తిగా తొలగిస్తే ఎంపిక మొత్తం మారిపోతుందని చెప్పేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. అయితే పోటీ నాలుగైదుగురి మధ్య, తేడా ఒకటి రెండు మార్కులు అయినచోట ఆ చిన్న వంతే నిర్ణాయకం కావచ్చు.

నందిగామ వంటి చోట బెరుకును గుర్తించడంలో మరొక చిక్కు ఉన్నది. అధికారి కూర్చోమనే దాకా నిలబడి ఉండటం, తల కొంచెం వంచి మాట్లాడటం, కళ్లలోకి సూటిగా చూడకపోవడం పల్లెలో పెద్దల ముందు పాటించే పద్ధతి. అది భయానికి గుర్తు కానక్కరలేదు. కళ్లలోకి చూసి, కరచాలనం గట్టిగా చేయాలని నేర్పే పుస్తకాలను బట్టి మార్కులు వేసే సభ్యుడు మర్యాదను అధైర్యంగా లెక్కగడతాడు. ఇక్కడ బెరుకును చెప్పగలిగే ఆనవాలు వేరు: తెలిసిన విషయాన్ని సగంలో ఆపివేయడం, ప్రతి వాక్యం చివర అధికారి ముఖం చూసి సమ్మతి కోసం ఆగడం, వాడుకలో మాట్లాడే మనిషి హఠాత్తుగా పుస్తకభాషలోకి మారిపోవడం.

బెరుకు తగ్గించడానికి కమిటీలు ఎక్కువగా వాడే మాట ‘టెన్షన్ పడకండి’. హార్వర్డ్‌లోని ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చేసిన ప్రయోగాల్లో, నలుగురిలో మాట్లాడటం, పాడటం, లెక్కలు చేయడం వంటి పనులకు ముందు తమను తాము శాంతపరచుకోవడానికి ప్రయత్నించినవారి కంటె, ఆ ఆందోళననే ఉత్సాహంగా భావించుకున్నవారు మెరుగ్గా చేశారు. శాంతించమనే సలహా సులువుగా చెప్పగలిగేదే గాని అమలు చేయగలిగేది కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు. అంతకంటె పనికొచ్చేది సమాచారం. ఎంతసేపు, ఎన్ని ప్రశ్నలు, ఎవరు అడుగుతారు, ఏం రాసుకుంటారు, తప్పు చెబితే మళ్లీ చెప్పవచ్చునా అన్నవి తెలిస్తే భయంలో తెలియనితనం వల్ల కలిగిన భాగం తగ్గుతుంది. సభ్యులు తల వంచి రాసుకోవడం మొదలుపెట్టగానే తాను తప్పు చెప్పినందుకే రాస్తున్నారని అభ్యర్థి అనుకోవడం మామూలే, కాబట్టి అందరి జవాబులూ రాసుకుంటామని ముందే చెప్పడం చిన్న విషయం కాదు.

సమాచారానికి బదులు కబుర్లతో బెరుకు తగ్గించాలనుకోవడం దగ్గరే ఈ సమీక్షలో అసలు వివాదం ఉన్నది. మైకేల్ కాంపియన్, డేవిడ్ పామర్, జేమ్స్ కాంపియన్ 1997లో నిర్మిత ఇంటర్వ్యూకు, అంటే అందరినీ ముందే రాసుకున్న ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలబద్దతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు, పదిహేను అంగాలను గుర్తించారు. చాప్‌మన్, జ్వైగ్ 2005లో చేసిన అధ్యయనంలో మాత్రం, ఆ పదిహేనులో లేని పలకరింపు కబుర్లు ఇంటర్వ్యూ నిర్మాణంలో ఒక వేరైన అంగంగా నిలిచాయి. ఇంటర్వ్యూలు చేసేవారు వాటిని వదులుకోవడానికి ఇష్టపడరు. వారి వాదనలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే బిగుసుకుపోయిన అభ్యర్థి నుంచి ఎంత మంచి ప్రశ్న అడిగినా జవాబు రాదు, ఒక్క పలకరింపూ లేని కమిటీ గది పోలీసు విచారణను తలపిస్తుంది. ఎదుటి పక్షం చెప్పేదేమంటే, కబుర్ల ద్వారా వచ్చే సమాచారం ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రకంగా ఉండి, మార్కుల కాగితం మీద గడి లేకపోయినా మార్కుల్లోకి చేరిపోతుంది.

తెలుగు ప్రాంతాలకు సంబంధించినంతవరకు ఈ రెండో వాదనే బలమైనది. ఇక్కడ అతి సహజమైన పలకరింపు ‘ఏ ఊరమ్మా? ఎవరి అమ్మాయివి? మీ ఇంటిపేరేమిటి?’ అన్నది. ఊరు, పేట, ఇంటిపేరు తెలిస్తే కులం తెలిసిపోతుంది, మామగారి పేరు చెబితే ఆ కుటుంబం ఏ పార్టీ వైపో కూడా తెలిసిపోవచ్చు. అడిగిన అధికారికి ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు, నిజానికి ఆత్మీయంగా మాట్లాడాలన్న ఉద్దేశమే ఉండవచ్చు. అభ్యర్థి మాత్రం ఆ ప్రశ్న ఎందుకు అడిగారోనని ఇంటికి వెళ్లేదాకా ఆలోచిస్తుంది. ఒకే ఊరి పోస్టుకు వచ్చినవారంతా ఒకే వరండాలో కూర్చుని ఉంటారు, పోస్టు ముందే ఎవరికో ఖాయమైపోయిందన్న మాట వారిలో తిరుగుతూనే ఉంటుంది. అటువంటి చోట లోపలి నుంచి ఒకరితో నవ్వుతూ మాట్లాడిన గొంతు, మరొకరితో ముక్తసరిగా ముగిసిన మాట బయటికి వినిపిస్తే, ఎంత న్యాయంగా మార్కులు వేసినా నమ్మేవారుండరు.

ఈ సమస్యను సుప్రీంకోర్టు చాలాకాలం క్రితమే చూసింది. శ్రీనగర్‌లోని రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలపై వచ్చిన అజయ్ హాసియా కేసులో, అభ్యర్థులతో రెండు మూడు నిమిషాలు మాత్రమే మాట్లాడి, తల్లిదండ్రులు ఎవరు, నివాసం ఎక్కడ వంటి ప్రశ్నలే అడిగారని పిటిషనర్లు చెప్పారు. మొత్తం మార్కుల్లో మూడో వంతు ఆ మౌఖిక పరీక్షకే ఉండటాన్ని 1980 నవంబరులో వెలువడిన తీర్పు తప్పుపట్టి, అటువంటి పరీక్షకు వందకు పదిహేను మించరాదని, సంభాషణను టేపు చేయడం మంచిదని సూచించింది. అది ఉద్యోగాల కేసు కాదు, చదువుకు సంబంధించినది, అయినా పలకరింపు ప్రశ్నలే పరీక్ష మొత్తం అయిపోతే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలనే ఎత్తివేసింది. గౌరవ వేతనంపై పనిచేసే అంగన్‌వాడీ పోస్టులకు మాత్రం మౌఖిక పరీక్ష అలాగే కొనసాగింది.

ప్రైవేటు ఉద్యోగాల్లో ఇదే ముప్పు ‘మీ గురించి చెప్పండి’ అన్న రూపంలో వస్తుంది. కంచికచర్ల, నందిగామ చుట్టుపక్కల కళాశాలల విద్యార్థులు ప్రాంగణ ఎంపికలకు సిద్ధమయ్యేటప్పుడు తండ్రి వృత్తి, తల్లి గృహిణి, అన్నదమ్ములు ఎందరు అన్న వివరాలతో సహా ఇంగ్లీషులో కంఠపాఠం చేసుకునేది ఈ ప్రశ్నకు జవాబునే. బెరుకు తగ్గించే ప్రశ్నగా దీన్ని సమర్థించేవారు, కంఠపాఠం మధ్యలో మరచిపోయిన విద్యార్థి పరిస్థితి ఏమవుతుందో చూసినట్టు లేదు.

మూడో పని, అభ్యర్థిని ముందుగానే సందేహాలు అడగమనడం. పైన చెప్పిన 1997 సమీక్షలోని పదిహేను అంగాల్లో, అభ్యర్థి ప్రశ్నలను ఇంటర్వ్యూ ముగిసే వరకు అనుమతించకపోవడం ఒకటి. మధ్యలో వచ్చే ప్రశ్నలు ఒక్కొక్కరి ఇంటర్వ్యూను ఒక్కొక్క దారి పట్టిస్తాయన్నది దానికి కారణం. ఆదరంగా మాట్లాడాలనుకునేవారు దీన్ని కఠినమని అంటారు. ఈ రెండు మాటలూ రెండు రకాల ప్రశ్నలను కలిపివేయడం వల్ల ఎదురెదురుగా కనిపిస్తున్నాయి. ప్రశ్న అర్థం కాకపోతే ఏం చేయాలి, ఎంతసేపు ఉంటుంది, సర్టిఫికెట్లు ఇప్పుడే చూపాలా అన్నవి ఇంటర్వ్యూ నడిచే తీరుపై ప్రశ్నలు, అవి మొదట్లోనే తీరాలి. వేతనం, కేంద్రం ఉన్న చోటు, పని గంటలు, శిక్షణ కాలం వంటివి ఉద్యోగంపై ప్రశ్నలు. వీటిని మార్కులు వేసేవారి ముందు మొదట్లో అడిగితే అభ్యర్థికే నష్టం. ‘చంటిపిల్లను వెంట తీసుకురావచ్చునా’ అని అడిగిన స్త్రీ తన ఇంటి పరిస్థితిని మార్కుల కాగితం ముందు తానే బయటపెట్టుకున్నట్టవుతుంది, ‘డబ్బు ఏ తేదీన పడుతుంది’ అన్నది అవసరాన్ని చూపే ప్రశ్న గనుక ఎవరూ అడగరు. ఊరకే ‘ఏమైనా అడుగుతారా?’ అంటే ‘ఏం లేదండి’ అన్నదే జవాబు అవుతుంది, ఆ జవాబును ఆసక్తి లేకపోవడంగా రాసుకునే సభ్యుడూ ఉంటాడు.

అందువల్ల ఉద్యోగంపై ప్రశ్నలకు తగిన చోటు వరండా. మార్కులతో సంబంధం లేని ఒక ఉద్యోగిని, ఐసీడీఎస్ సూపర్‌వైజరు వంటివారు, ఇంటర్వ్యూలు మొదలయ్యే ముందు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి వేతనం, కేంద్రం, సెలవులు, శిక్షణ గురించి చెప్పి, సందేహాలు అక్కడే తీర్చితే ఒకరు అడిగిన దానికి జవాబు అందరికీ అందుతుంది. సర్టిఫికెట్ల పరిశీలన కూడా వేరే బల్ల దగ్గర ముగిస్తే, లోపలికి రాగానే ఫైలు తెరిచి కులధ్రువీకరణ పత్రం చూస్తూ పలకరించే అలవాటు దానంతటదే పోతుంది.

లోపల జరగవలసిన ప్రారంభాన్ని ఆర్డీవో ఒక కాగితం మీద రాయించి, అందరికీ అదే చదివినట్టు చెప్పవచ్చు. అది ఇలా ఉండవచ్చు: ‘నమస్కారమమ్మా, కూర్చోండి. నేను ఇక్కడి ఆర్డీవోను, ఈమె సీడీపీఓ గారు, ఈయన డాక్టరు గారు. మిమ్మల్ని పది నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు అడుగుతాం. అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, దానికి మార్కులు తగ్గవు. మీరు చెబుతుంటే మేము రాసుకుంటూ ఉంటాం, అందరివీ ఇలాగే రాసుకుంటాం. కాసేపు ఆలోచించుకుని చెప్పినా ఫర్వాలేదు. మొదలుపెట్టేముందు ఈ పద్ధతి గురించి ఏమైనా అడగాలా?’ ఇది నిమిషం లోపు ముగుస్తుంది. ఇందులో ఊరి పేరు, ఇంటి పేరు, భర్త పేరు లేవు. ఒకరిని ‘మీరు’ అని, వయసులో చిన్నదనో కూలిపని చేసేదిలా ఉన్నదనో మరొకరిని ‘నువ్వు’ అని పిలవడం మన కార్యాలయాల్లో తెలియకుండానే జరిగిపోతుంది గనుక, సంబోధన కూడా కాగితం మీదే ఉండటం మంచిది.

చివరి వాక్యం తరువాత అధికారి నాలుగైదు సెకన్లు నిజంగా ఆగాలి, అందరూ తప్పేది ఇక్కడే. ఆ తరువాతి మొదటి ప్రశ్న పనికి సంబంధించినదై, ఏ తల్లి అయినా తన అనుభవంతో చెప్పగలిగేదై ఉండాలి: మూడేళ్ల పిల్లవాడు మొదటి రోజు కేంద్రానికి ఏడుస్తూ వస్తే ఏం చేస్తారు? దీనికి ఇరవైలో రెండు మూడు మార్కులే పెట్టి, బరువులు తూచడం, పోషకాహారం, పూర్వ ప్రాథమిక బోధనకు సంబంధించిన ప్రశ్నలను తరువాత ఉంచితే, 2016 పరిశోధన చెప్పిన ముద్ర ప్రభావం తక్కువ మార్కుల మీదనే పడుతుంది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. బయటికి వచ్చిన అభ్యర్థిని వరండాలో ఉన్నవారు ‘ఏమడిగారు?’ అని అడగకుండా ఉండరు, కాబట్టి ఒక ఊరి వారిని వరుసగా పిలిచి, ముగిసినవారిని మరో వైపు నుంచి పంపకపోతే చివర వచ్చినవారి నిబ్బరంలో కొంత ముందే జవాబు తెలియడం వల్ల వచ్చినదై ఉంటుంది. పొద్దుటి నుంచి కూర్చుని మధ్యాహ్నం మూడింటికి లోపలికి వచ్చిన స్త్రీ అలసటను ఏ పలకరింపూ తీర్చలేదు, ఊరివారీగా సమయం చెప్పి పిలవడం ఒక్కటే దానికి మందు. కాగితం చూసి చెప్పే మాట ఇరవయ్యో అభ్యర్థి దగ్గరికి వచ్చేసరికి ప్రాణం లేని పాఠంలా తయారవుతుంది, దాన్ని గమనించి ఆ బాధ్యతను మరో సభ్యురాలికి మార్చవచ్చు, మాటలను మాత్రం మార్చకూడదు. ఎవరైనా పూర్తిగా మాట పడిపోయి కన్నీళ్లు పెట్టుకుంటే మంచినీళ్లు ఇచ్చి, ఆమె ఊరి జాబితాలో చివరకు మరొక్కసారి పిలుస్తామని చెప్పి బయటికి పంపి, అలా చేసినట్టు మార్కుల కాగితం మీద కారణంతో సహా రాసి, సభ్యులందరూ సంతకం పెట్టాలి. ఆ వెసులుబాటు అడిగిన ప్రతివారికీ ఒకసారి ఉంటుందన్న సంగతి వరండాలో సూపర్‌వైజరు ముందే చెప్పి ఉండాలి.